బాణం తిప్పేస్తే సరిపోతుందా?

పదో తరగతి జీవశాస్త్రం వర్క్‌షీట్. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు ‘కిరణజన్య సంయోగక్రియ’, కుడివైపు ‘శ్వాసక్రియ’. ఏం కావాలి, ఏం తయారవుతుంది, ఎక్కడ జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుంది, శక్తి సంగతేమిటి అని కింద అయిదు వరుసలు. ఆ తర్వాత రెండు సమీకరణాలకు ఖాళీ. ఆఖర్న హరితరేణువు బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటూ అర పేజీ.

చురుకైన పిల్లలు దీన్ని పది నిమిషాల్లో ముగించేస్తారు. అందులో ఓ కిటుకు ఉందని వాళ్లకు తెలుసు. మొదటి సమీకరణం బట్టీపడితే రెండోదానికి వేరే కష్టం అక్కర్లేదు, బాణాన్ని అటు తిప్పితే చాలు.

6CO₂ + 6H₂O → C₆H₁₂O₆ + 6O₂

C₆H₁₂O₆ + 6O₂ → 6CO₂ + 6H₂O

పైది కిరణజన్య సంయోగక్రియ, కిందిది శ్వాసక్రియ. రెండూ సరిగ్గా తూగుతాయి. కావాలంటే తక్కెడలో వేసినట్టు బరువులు లెక్కగట్టి చూడొచ్చు. 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీళ్లు కలిపితే 372. అవతల 180 గ్రాముల గ్లూకోజ్, 192 గ్రాముల ఆక్సిజన్ కలిపినా 372. ఒక్క గ్రాము కూడా తేడా రాదు. మార్కులూ పూర్తిగా పడతాయి.

ఈ లెక్కలో తప్పు లేదు. కానీ ఎంత లోపలికి వెళ్లిందో, ఎంత బయటికొచ్చిందో చెప్పి ఊరుకుంటుంది. ఏ అణువులోని పరమాణువు ఎక్కడికి చేరిందో చెప్పదు. ఆ ఒక్క ప్రశ్న వేస్తే రెండు గడులూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉన్నాయన్న నమ్మకం సడలిపోతుంది.

ప్రశ్న చాలా చిన్నది. ఆకు వదిలే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చింది? కార్బన్ డయాక్సైడ్ లోంచా, నీళ్లలోంచా?

తరగతిలో అడిగితే ఎక్కువ చేతులు కార్బన్ డయాక్సైడ్‌కే లేస్తాయి. ఆ ఆలోచన సహజమే. CO₂ లోంచి కార్బన్‌ను ఆకు ఉంచుకుంది, మిగిలిన O₂ను బయటికి పంపింది అన్నట్టు రాతలోనే కనిపిస్తోంది. అంకెలు కూడా దానికి సాక్ష్యం చెబుతున్నట్టే ఉంటాయి. ఆరు కార్బన్ డయాక్సైడ్ అణువుల్లో పన్నెండు ఆక్సిజన్ పరమాణువులున్నాయి. బయటికొచ్చే 6O₂లోనూ పన్నెండే. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ఇలాగే అనుకున్నారు.

ఈ ఆలోచనకు మొదట అడ్డు తగిలింది పచ్చని మొక్క కాదు, కొన్ని సూక్ష్మజీవులు. డచ్ దేశంలో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన కార్నెలిస్ వాన్ నీల్ గంధకపు బ్యాక్టీరియాలను పెంచి పరిశీలించేవాడు. అవి కూడా వెలుతురులో కార్బన్ డయాక్సైడ్‌ తీసుకుని ఆహారం తయారుచేసుకుంటాయి. అయితే వాటికి నీళ్లకు బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ కావాలి. కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు అదే. అవి ఆక్సిజన్ వదలవు, గంధకాన్ని మిగులుస్తాయి. 1931లో ఆయన ప్రచురించిన పరిశోధనలో ఉన్న తర్కం తేటగా ఉంటుంది. H₂S వాడే జీవి S మిగిల్చింది. అలాంటప్పుడు H₂O వాడే మొక్క మిగిల్చే O కూడా ఆ నీళ్లలోదే అయ్యుండాలి. ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ లోంచే వచ్చేదైతే ఆ బ్యాక్టీరియాలు కూడా ఆక్సిజన్ వదలాలి కదా!

తర్కం బాగానే ఉంది, రుజువు కావాలి. 1937లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హిల్ ఆకులను నలిపి హరితరేణువులను వేరుచేశాడు. కార్బన్ డయాక్సైడ్‌తో నిమిత్తం లేకుండా, ఎలక్ట్రాన్లను అందుకునే ఒక ఇనుప లవణాన్ని మాత్రమే కలిపి వెలుతురు పడనిస్తే వాటినుంచి ఆక్సిజన్ వచ్చింది. ఇక మిగిలింది ఆక్సిజన్ పరమాణువుకు గుర్తుపెట్టి, అది ఎక్కడ తేలుతుందో కనిపెట్టడం.

ఆ పని 1941లో బెర్క్‌లీలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్ల సహచరులు చేశారు. అంతకు ముందు ఏడాదే కార్బన్-14ను కనిపెట్టిన జంట అది. ఈసారి వాళ్ల చేతిలో ఉన్నది ఆక్సిజన్-18. మామూలు ఆక్సిజన్ కంటే కాస్త బరువైనది, రేడియోధార్మికత లేనిది. మామూలు నీళ్లలోని ఆక్సిజన్‌లో ఇది 0.20 శాతం మాత్రమే ఉంటుంది. వాళ్లు దాన్ని 0.85 శాతానికి పెంచిన నీళ్లలో క్లోరెల్లా అనే పచ్చని నాచును వేసి వెలుతురు చూపించారు. కార్బన్ డయాక్సైడ్‌ను అందించే లవణంలో మాత్రం మామూలు ఆక్సిజనే ఉంచారు. నాచు వదిలిన వాయువును పట్టి కొలిస్తే బరువైన ఆక్సిజన్ వాటా దాదాపు 0.85 శాతం వచ్చింది. అంటే నీళ్లలో ఎంత ఉందో అంతే. తర్వాత ఏర్పాటును తలకిందులు చేశారు. నీళ్లు మామూలువి, బరువైన ఆక్సిజన్ లవణంలో. ఇప్పుడు వచ్చిన వాయువులో దాని వాటా 0.20 దగ్గరే ఆగిపోయింది. ఆకు వదిలే ఆక్సిజన్ నీళ్లదే.

(ఈ రూబెన్ రెండేళ్ల తర్వాత, 1943లో, ప్రయోగశాలలో విషవాయువు సోకి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.)

ఇప్పుడు మళ్లీ వర్క్‌షీట్ మీది మొదటి సమీకరణం చూడాలి. కుడివైపు 6O₂, అంటే పన్నెండు ఆక్సిజన్ పరమాణువులు. అవన్నీ నీళ్లలోంచే రావాలి. కానీ ఎడమవైపున్న 6H₂Oలో ఆరే ఉన్నాయి. ఆరు రూపాయలు పట్టుకెళ్లి పన్నెండు రూపాయల సరుకు ఎలా తెస్తాం? అందుకే పెద్ద తరగతుల పుస్తకాలు ఈ సమీకరణాన్ని మరోలా రాస్తాయి.

6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6O₂ + 6H₂O

రెండువైపులా నీళ్లు కనిపిస్తే పిల్లలకు వెంటనే చెయ్యి దురద పుడుతుంది. అటు ఆరు, ఇటు ఆరు కొట్టేస్తే పాత సమీకరణమే వస్తుంది కదా! లెక్కల పీరియడ్‌లో అలా కొట్టేయొచ్చు, ఇక్కడ కుదరదు. ఎడమవైపున్న పన్నెండు నీటి అణువులు నిజంగానే ముక్కలవుతాయి, వాటిలోని ఆక్సిజన్ మొత్తం గాల్లోకి పోతుంది. కుడివైపున్న ఆరు కొత్తగా పుట్టిన నీళ్లు. కార్బన్ డయాక్సైడ్‌లోని పన్నెండు ఆక్సిజన్లలో ఆరు గ్లూకోజ్‌లో ఉండిపోతే, మిగిలిన ఆరూ ఈ కొత్త నీళ్లలోకి వచ్చి చేరాయి. పేరు ఒకటే అయినా ఆ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు.

కుడి గడికి వస్తే అక్కడా ఇదే కథ ఎదురవుతుంది. మనం పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది? ‘కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి వస్తుంది’ అని నూటికి తొంభైమంది, పెద్దవాళ్లతో సహా, చెప్పేస్తారు. కట్టె మండినప్పుడు గాలిలోని ఆక్సిజన్ నేరుగా బొగ్గుతో కలుస్తుంది కాబట్టి ఒంట్లోనూ అంతేనని అనుకుంటాం. కణంలో జరిగేది వేరు. గ్లూకోజ్ మొదట కణద్రవ్యంలో రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి వెళ్లి మెట్టుమెట్టుగా విడిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ పుట్టేది ఆ మెట్ల మీదే. దానికి కావలసిన ఆక్సిజన్ పరమాణువులు కొన్ని గ్లూకోజ్‌ నుంచి, కొన్ని మధ్యలో వచ్చి కలిసే నీళ్ల నుంచి వస్తాయి. పీల్చిన ఆక్సిజన్ అక్కడికింకా రానే లేదు. అది అన్నిటికన్నా చివర, మైటోకాండ్రియా లోపలి పొర దగ్గర నిలబడి, గ్లూకోజ్‌ నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్లనూ హైడ్రోజన్ అయాన్లనూ అందుకుంటుంది. అందుకుని నీళ్లుగా మారుతుంది. కాబట్టి శ్వాసక్రియకు నిండైన సమీకరణం ఇది:

C₆H₁₂O₆ + 6O₂ + 6H₂O → 6CO₂ + 12H₂O

ఇలా పుట్టే నీళ్లు కాగితం మీది ముచ్చట కాదు. పెద్ద మనిషి ఒంట్లో రోజుకు సుమారు 300 మిల్లీలీటర్లు, అంటే గ్లాసుకు పైనే, ఇలా తయారవుతాయి. అమెరికా ఎడారుల్లో ఉండే కంగారూ ఎలుక చుక్క నీళ్లు తాగకుండా ఎండు గింజలు తిని బతికేది ప్రధానంగా ఈ నీళ్ల మీదే.

నిండు సమీకరణాలు రెండూ పక్కపక్కన పెడితే బాణం తిప్పిన పోలిక మళ్లీ వచ్చేసిందే అనిపిస్తుంది. వచ్చింది కూడా. ఆకులో నీరు చీలి ఆక్సిజన్ అవుతుంది, మైటోకాండ్రియాలో ఆక్సిజన్ కూడి నీరవుతుంది. వస్తువుల వరకూ ఇది నిజమైన తిరుగు ప్రయాణం. తేడా అంతా దారిలోనూ శక్తిలోనూ ఉంది. లోపలికి వచ్చింది వెలుతురు, బయటికి పోయేది వెలుతురు కాదు. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా విడిపోతే 686 కిలోకేలరీల శక్తి వస్తుంది. అందులో ఇంచుమించు మూడోవంతు ఏటీపీ అనే అణువుల్లో జమపడుతుంది. మిగతాది వేడిగా పోతుంది. మన ఒళ్లు వెచ్చగా ఉండేది ఆ వేడితోనే. ఒక గ్లూకోజ్ అణువుకు 38 ఏటీపీలని పాత పుస్తకాలు రాశాయి. ఇప్పటి కొలతల ప్రకారం 30 నుంచి 32 మధ్య ఉంటుంది. అందుకే ‘శక్తి’ వరుసలో ‘శక్తి గ్రహించబడుతుంది, శక్తి విడుదలవుతుంది’ అని రాసి ఆగిపోకూడదు. ఏ రూపంలో వచ్చింది, ఏ రూపంలో పోయింది అన్నది కూడా రాస్తేనే ఆ వరుస నిండుతుంది.

ఇక బొమ్మ. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. గీయడం రాక మాత్రం కాదు.

హరితరేణువు పొడవు సుమారు 5 మైక్రోమీటర్లు. కాగితం మీద దాన్ని 10 సెంటీమీటర్ల బొమ్మగా గీస్తే అసలుకంటే ఇరవై వేల రెట్లు పెద్దది చేసినట్టు. బడిలో ఉండే మైక్రోస్కోపు కింద హైడ్రిల్లా ఆకు పెడితే హరితరేణువులు పచ్చటి చుక్కల్లా కనిపిస్తాయి. కాసేపు కళ్లు నిలిపి చూస్తే అవి కణం గోడ వెంబడి మెల్లగా జరుగుతూ కూడా ఉంటాయి. కానీ లోపలేముందో ఆ మైక్రోస్కోపు విడమర్చి చూపలేదు. పుస్తకంలో ఉన్న బొమ్మ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక తెలిసినది. దాన్ని బట్టీపట్టి గీయడమే తప్ప కళ్లతో చూసి గీసే వీలు పిల్లలకు ఉండదు. తప్పులు అందుకే దొర్లుతాయి.

ముందు చిక్కుడు గింజలాంటి కోలగా ఒక గీత, దానిలోపల కొద్దిగా ఎడంగా మరో గీత. అవి బయటి పొర, లోపలి పొర. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. మైటోకాండ్రియా బొమ్మ అంతకుముందే గీసి ఉండటంతో చెయ్యి అలవాటుగా లోపలి పొరను మడతలు పెట్టేస్తుంది. మైటోకాండ్రియాలో లోపలి పొరే మడతలు పడుతుంది. ఎదిగిన హరితరేణువులో లోపలి పొర నున్నగా ఉంటుంది. పని చేసే పొరలు దాన్నుంచి విడిపడి, లోపల వేరే సంచుల్లా ఉంటాయి. ఈ ఒక్క తేడా చాలు, బొమ్మ దేనిదో పేరు చదవకుండానే చెప్పడానికి.

ఆ సంచులే థైలకాయిడ్లు. రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వీటిని దొంతరలుగా గీయాలి. ఒక్కో దొంతర పేరు గ్రానం, అన్నీ కలిపి గ్రానా. ఒక దొంతర నుంచి ఇంకో దొంతరకు వంతెనలా సాగే పొర స్ట్రోమా లామెల్లా. వీటి చుట్టూ ఖాళీగా కనిపించే చోటు ఖాళీ కాదు. అది స్ట్రోమా అనే చిక్కటి ద్రవం. ఎంజైములు, రైబోజోములు, హరితరేణువు సొంత డీఎన్‌ఏ, అప్పుడప్పుడే తయారైన పిండి రేణువులు అందులోనే ఉంటాయి.

గుర్తించేటప్పుడు గీత చివర ఎక్కడ తాకిందన్నదే కీలకం. ‘థైలకాయిడ్’ అని రాసిన గీత మొత్తం దొంతరను చూపకూడదు, అందులో ఒక్క బిళ్లను ముట్టుకోవాలి. ‘గ్రానం’ గీత దొంతరంతటినీ కలిపే బ్రాకెట్ దగ్గర ఆగాలి. ‘పత్రహరితం’ అని రాసి గీతను స్ట్రోమాలోకి లాగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. హరితరేణువు మొత్తానికి పచ్చరంగు పులిమేసి ఉండటమే దానికి కారణం. పత్రహరితం ఉండేది థైలకాయిడ్ పొరలో మాత్రమే. పచ్చరంగు పెన్సిల్‌ ఆ బిళ్లలకే వాడి, స్ట్రోమాను తెల్లగా వదిలేసే టీచర్ల పిల్లలు ఈ తప్పు చేయడం తక్కువ.

బొమ్మలో తరచూ వదిలేసే గుర్తు ఒకటుంది. థైలకాయిడ్ సంచి లోపలి ఇరుకు చోటు, దాని పేరు ల్యూమెన్. అక్కడ గీత పెట్టమని ఏ వర్క్‌షీటూ గట్టిగా అడగదు. అసలు కథ నడిచేది మాత్రం అక్కడే. వెలుతురు పడ్డప్పుడు నీరు చీలేది పొరకు ఆ లోపలి వైపున. ఆక్సిజన్ బయటికి పోతుంది, హైడ్రోజన్ అయాన్లు లోపల పోగుపడతాయి. ఎలక్ట్రాన్లు పొర వెంట ప్రయాణిస్తూ బయటి నుంచి మరిన్ని హైడ్రోజన్ అయాన్లను లోపలికి తోయిస్తాయి. చెరువులో నీళ్లు నిండి తూము దగ్గర ఒత్తిడి పెరిగినట్టు సంచి లోపల ఆమ్లం పెరుగుతుంది. ఆ అయాన్లు తిరిగి స్ట్రోమాలోకి దూకే తూము ఒక ఎంజైము. వాటి ప్రవాహంతో అది ఏటీపీని తయారుచేస్తుంది.

1961లో పీటర్ మిచెల్ ఈ ఊహ చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1966లో ఆండ్రే జాగెండార్ఫ్, ఎర్నెస్ట్ యురీబ్ చేసిన ప్రయోగం వాదనను గట్టిగా ఒకవైపు మొగ్గేలా చేసింది. వాళ్లు పాలకూర జాతి ఆకుల థైలకాయిడ్లను చీకట్లోనే ఆమ్ల ద్రావణంలో నానబెట్టారు, పీహెచ్ 4 దగ్గర. సంచుల లోపలికి ఆమ్లం ఇంకాక, ఒక్కసారిగా బయటి ద్రావణాన్ని పీహెచ్ 8కి మార్చారు. వెలుతురు ఒక్క రవ్వ కూడా లేకుండా ఏటీపీ తయారైంది. లోపల ఎక్కువ, బయట తక్కువ, మధ్యలో తూము. అంతే సరిపోయింది. మైటోకాండ్రియాలోనూ ఇదే ఏర్పాటు, ఇదే రకం ఎంజైము. వర్క్‌షీట్‌లో ‘పోలికలు’ అని ఒక వరుస ఉంటే అందులో రాయదగ్గ మొదటి సంగతి ఇదే. చాలా వర్క్‌షీట్లలో భేదాలకే గడులుంటాయి, పోలికలకు ఉండవు. ఉండాల్సింది.

థైలకాయిడ్ల దగ్గర తయారైన ఏటీపీని, ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీపీహెచ్‌ను వాడుకుని స్ట్రోమాలో కార్బన్ డయాక్సైడ్ చక్కెర అవుతుంది. దీనికి మన పుస్తకాల్లో ‘నిష్కాంతి చర్య’ అని పేరు. ఆ పేరు చదివి ‘ఇది రాత్రి జరుగుతుంది’ అని రాసినవాళ్లను తప్పుపట్టలేం. తప్పు పేరులో ఉంది. వెలుతురును నేరుగా వాడుకోదన్నదే దాని అర్థం. చీకటి పడ్డాక సరుకు అందక కాసేపటికే అది కూడా ఆగిపోతుంది.

‘ఎప్పుడు జరుగుతుంది?’ అన్న వరుస దగ్గరే అన్నిటికన్నా పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎడమ గడిలో ‘పగలు’, కుడి గడిలో ‘రాత్రి’. రెండు గడులు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి జవాబులు కూడా ఎదురెదురుగా ఉండాలని చెయ్యి కోరుకుంటుంది. దీన్ని పక్కన పెట్టి పొలానికి వెళ్లి చూస్తే సంగతి తేలిపోతుంది. పత్తి చేలోనో మిర్చి తోటలోనో రెండు మూడు రోజులు వాన నీళ్లు నిలిస్తే మొక్కలు పట్టపగలే వాడిపోతాయి. ఆకుల మీద ఎండకేం లోటుండదు, నేలలో నీటికీ లోటుండదు. లోటు వేళ్ల దగ్గర ఆక్సిజన్‌ది. వేళ్లలో హరితరేణువులు ఉండవు. మట్టి సందుల్లోని గాలి పీల్చుకుని, ఆకులు పంపిన చక్కెరను విడగొట్టుకునే అవి బతుకుతాయి. ఆ సందుల్లో నీళ్లు నిండాక శ్వాస ఆడదు, నీటిని పైకి పంపే పనీ కుంటుపడుతుంది. వరి మాత్రం అదే నీళ్లలో హాయిగా నిలబడుతుంది. ఆకుల నుంచి వేళ్ల దాకా గాలి దిగేందుకు దాని ఒంట్లో గొట్టాల్లాంటి ఖాళీలున్నాయి కాబట్టి.

ఆకుల కణాలు కూడా మిట్టమధ్యాహ్నం శ్వాసిస్తూనే ఉంటాయి. అయితే అప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం పక్కనే ఉన్న హరితరేణువులోకి పోతుంది కాబట్టి బయటికి కనిపించదు. ఏడాది మొత్తం మీద ఒక అడవి తయారుచేసుకున్న చక్కెరలో దాదాపు సగాన్ని ఆ మొక్కలే తమ శ్వాసక్రియకు ఖర్చుపెట్టుకుంటాయి.

‘రాత్రిపూట చెట్టు కింద పడుకోకూడదు’ అన్న మాట ఇంటింటా వింటాం. చీకట్లో చెట్టు కార్బన్ డయాక్సైడ్ వదులుతుందన్నది నిజం. కానీ గాలి ఆడే ఆరుబయట అది ఎక్కడికక్కడ చెదిరిపోతుంది. గదిలో ఒక పూలకుండీ రాత్రంతా వదిలేదానికన్నా పక్కన పడుకున్న మనిషి వదిలేది ఎన్నో రెట్లు ఎక్కువ. దీనికి ఎదురు మాట కూడా ఒకటుంది, ‘రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది’ అని. ఆక్సిజన్ నీళ్లలోంచి వస్తుందనీ, నీరు చీలడానికి వెలుతురు కావాలనీ తెలిశాక దీనికి జవాబు ఎవరైనా చెప్పగలరు. కలబంద, అనాస, బ్రహ్మజెముడు లాంటి మొక్కలు రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుని ఆమ్లంగా దాచుకుంటాయి. ఎండ తగిలేదాకా అవి కూడా ఆక్సిజన్ తయారుచేయలేవు.

ఈ ‘పగలు–రాత్రి’ పొరపాటును మాటలతో దిద్దడంకన్నా నాలుగు గాజు గొట్టాలతో దిద్దడం సులువు. బడి ప్రయోగశాలలో బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక ద్రావణం ఉంటే చాలు. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగితే ఆ నీళ్లు కొద్దిగా పుల్లబడతాయి, నీలంగా ఉన్న ఈ సూచిక ఆకుపచ్చగా, ఇంకా పెరిగితే పసుపుగా మారుతుంది. తగ్గితే మళ్లీ నీలానికి వస్తుంది.

ఒక గిన్నెడు కుళాయి నీళ్లలో లేత నీలం వచ్చేదాకా కొన్ని చుక్కలు వేయాలి. స్ట్రాతో మెల్లగా ఊదాలి, పీల్చకూడదు. నీళ్లు ఆకుపచ్చకు తిరగ్గానే ఆపేయాలి. ఇక్కడ ఉత్సాహం పట్టలేక పసుపు వచ్చేదాకా ఊదేస్తే ప్రయోగం సగం చెడినట్టే. అప్పటికే పసుపైపోయిన నీళ్లలో శ్వాసక్రియ మరికొంత పసుపు కలిపినా కంటికి తెలియదు. రంగు మధ్యలో ఉంటేనే అటు పోయిందో ఇటు పోయిందో కనిపిస్తుంది. బోరు నీళ్లు వాడితే ఇంకో చిక్కు ఉంది. బాగా చవిటి బోర్లలో బైకార్బనేట్లు ఎక్కువగా ఉండి ఎంత ఊదినా రంగు త్వరగా కదలదు. అలాంటి ఊళ్లో వేరే నీళ్లు వెతుక్కోవాలి.

ఆ ఆకుపచ్చ నీళ్లను నాలుగు గొట్టాల్లో సమానంగా పోయాలి. చెరువులోంచో కాలువలోంచో తెచ్చిన హైడ్రిల్లా రెమ్మలను బురద పోయేలా శుభ్రంగా కడిగి మూడు గొట్టాల్లో ఒక్కో రెమ్మ వేయాలి. కడగకపోతే బురదలోని సూక్ష్మజీవుల శ్వాస కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. నాలుగో గొట్టంలో మొక్క వేయకూడదు. నాలుగింటికీ బిరడాలు బిగించాలి. మొదటిది ఎండలో. రెండోదానికి అల్యూమినియం రేకు చుట్టాలి. మూడోదానికి పల్చటి తెల్లగుడ్డ రెండు మూడు చుట్లు చుట్టాలి. మొక్క లేని నాలుగోది మొదటిదాని పక్కనే ఎండలో పెట్టాలి.

రెండు మూడు గంటల తర్వాత చూస్తే మొదటి గొట్టం నీలానికి తిరిగి ఉంటుంది. రేకు విప్పితే రెండోది పసుపు. నాలుగోది పెట్టినప్పుడు ఎలా ఉందో ఇంచుమించు అలాగే. ఆ నాలుగోది లేకపోతే ఎండ వేడికే రంగు మారిందేమో అన్న అనుమానానికి జవాబుండదు. నాలుగోది కూడా నీలమైతే బిరడాలోంచి వాయువు కారినట్టు, మొదటి గొట్టం ఫలితాన్ని కూడా నమ్మకూడదు.

రెండో గొట్టాన్ని రేకుతో కప్పింది పట్టపగలు. బయట పన్నెండు గంటల ఎండ కాస్తుండగా లోపల మొక్క కార్బన్ డయాక్సైడ్ వదిలింది. శ్వాసక్రియ రాత్రిదాకా ఆగలేదు. మొదటి గొట్టంలోనూ అది ఆగలేదు, కాకపోతే ఖర్చుకన్నా రాబడి ఎక్కువైంది. ఉదాహరణకు ఎండలో ఉన్న రెమ్మ గంటకు పది పాళ్ల కార్బన్ డయాక్సైడ్ వాడుకుని, రెండు పాళ్లు వదిలిందనుకుంటే నీళ్లలోంచి తగ్గినది ఎనిమిది పాళ్లు. మన కంటికి ఆ ఎనిమిదే కనిపిస్తుంది. రేకు చుట్టిన రెమ్మ వాడుకున్నది సున్నా, వదిలింది రెండు. మన కంటికి ఆ రెండూ కనిపిస్తాయి. వర్క్‌షీట్‌లో ‘ఎప్పుడు’ వరుసకు ఎడమ గడిలో ‘వెలుతురు ఉన్నప్పుడు’ అనీ, కుడి గడిలో ‘ఎప్పుడూ’ అనీ రాయాల్సింది ఇందుకే.

అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది తెల్లగుడ్డ చుట్టిన మూడో గొట్టాన్ని. చుట్లు సరిగ్గా కుదిరితే మూడు గంటల తర్వాత కూడా అది ఆకుపచ్చగానే ఉంటుంది. మొక్కే లేని నాలుగో గొట్టం పక్కన పెడితే ఏది ఏదో రంగు చూసి చెప్పలేం. ఆ మసక వెలుతురులో రెమ్మ రెండు పాళ్లు వాడుకుంటోంది, రెండు పాళ్లు వదులుతోంది. తెల్లవారుజామున, సందెచీకటి వేళ పెరట్లోని ప్రతి ఆకూ కాసేపు ఈ స్థితిని దాటుతుంది. గుడ్డ ఒక చుట్టు విప్పితే నీళ్లు నెమ్మదిగా నీలం వైపు జరుగుతాయి. ఇంకో చుట్టు వేస్తే పసుపు వైపు.